సందేహాలు – సమాధానాలు: ‘నిశ్శబ్దం’ ఒక్కటేనా?

సందేహం: కరువు మీద కథ రాస్తున్నాను. రాత్రిపూట బోరు వేయించే ఘట్టంతో మొదలు ఇలా వచ్చింది: “ఊరు నిశ్శబ్దంగా ఉంది. చింతచెట్టు నిశ్శబ్దంగా ఉంది. ఎండిపోయిన బోరు దగ్గర నాయన నిశ్శబ్దంగా నిలబడ్డాడు. బోరుబండి ఆగింది. అమ్మ నిశ్శబ్దంగా ఉంది.” ప్రశాంతం, మౌనం, నిశ్చలం అని మార్చి చూశాను, అతకలేదు. ఇవన్నీ ఒకటే అర్థం కాదా? – ఒక పాఠకుడు, అనంతపురం జిల్లా

సమాధానం: కాదు. వీటిలో ఒక్కొక్క మాట ఒక్కొక్కటి లేదని చెబుతుంది. నిశ్శబ్దంలో చప్పుడు లేదు, మౌనంలో మాట లేదు, నిశ్చలంలో కదలిక లేదు, ప్రశాంతంలో కలత లేదు. మీ కథలో ఆ రాత్రి ఎవరి దగ్గర ఏది లేదో చూసుకుంటే మాట దానంతట అదే దొరుకుతుంది.

ముందు ఊరి సంగతి. రాత్రిపూట జనం పడుకుని చప్పుళ్లు తగ్గిపోతే ‘ఊరు మాటుమణిగింది’ అంటాం. పొద్దుపోయిందని వేరే చెప్పే పని లేదు, ఆ ఒక్క మాటే చెప్పేస్తుంది. దీనికి దగ్గరగా ‘సద్దుమణిగింది’ అని ఇంకోటి ఉంది. సద్దు అంటే చప్పుడే, శబ్దానికి తద్భవం. మన పల్లెల్లో “సద్దు చేయొద్దు” అని పిల్లల్ని ఇప్పటికీ అదిలిస్తారు. అయితే పత్రికలు గొడవలకూ అల్లర్లకూ వాడీవాడీ దీని రంగు మార్చేశాయి. ‘ఊరు సద్దుమణిగింది’ అని కథ మొదలుపెడితే, సీమ పాఠకుడు నిన్న ఏం కొట్లాట జరిగిందోనని వెతుక్కుంటాడు. మీకు ఆ కొట్లాట అక్కర్లేదు కాబట్టి మాటుమణగడమే సరి.

చెట్టుకు నిశ్చలం తప్పు కాదు. కానీ ఆ మాట చెరువు నీళ్లకో దీపానికో నప్పినట్టు చింతచెట్టుకు నప్పదు. ‘ఆకు కదలడం లేదు’ అంటే చాలు, ఉక్క కూడా తెలుస్తుంది.

అసలు చిక్కు నాయన దగ్గరుంది. మౌనం ముని నుంచి పుట్టిన మాట. మాట్లాడగలిగీ మాట్లాడకూడదని నిర్ణయించుకున్నవాడిది మౌనం. ‘నాయన మౌనంగా నిలబడ్డాడు’ అంటే ఆయన ఏదో నిశ్చయానికి వచ్చాడనో, కోపం దిగమింగుతున్నాడనో అనిపిస్తుంది. ‘కిమ్మనకుండా’ అంటే ఎదురుగా అప్పిచ్చినవాడు ఉండాలి, ఎందుకంటే ఆ మాటలో భయమో లొంగుబాటో ఉంది. ‘గమ్మున’ మన వాడుక మాట. అందులో ఊరికే ఉండిపోవడమే తప్ప పెద్ద బరువు లేదు. పైగా కొన్నిచోట్ల గమ్మున అంటే త్వరగా అని అర్థం, అక్కడి పాఠకుడు తడబడతాడు. కథ చెప్పేది కొడుకే అయితే మాత్రం ఆ యాస నిస్సంకోచంగా ఉంచుకోండి. నీళ్లు రావాల్సిన చోట తెల్లదుమ్ము లేచి, ఏమీ తోచక నిలబడినవాడికి ‘ఉలుకూ పలుకూ లేకుండా’ అన్నది సరిగ్గా సరిపోతుంది. ఆయన నిశ్చయించుకున్నదేమీ లేదు, ఆయనకు దెబ్బ తగిలింది. ‘స్తబ్ధుగా’ అన్నా అదే అర్థం వస్తుంది కానీ, ఈ బోరుగుంత పక్కన అది కొంచెం పుస్తకాల మాటగా వినిపిస్తుంది.

అమ్మకు ప్రశాంతం అస్సలు వద్దు. ఆ ఇంట్లో ఆ రాత్రి చప్పుడు లేకపోవచ్చు గానీ మనశ్శాంతి ఎక్కడిది? మీకు అతకలేదనిపించింది ఇందుకే.

ఇక వరుస. బోరుబండి ఆగిన సంగతి మీరు నాలుగో వాక్యంలో పెట్టారు. దాన్ని ముందుకు తెస్తే, అంతసేపూ ఆ రొద వింటున్న చెవికి తక్కినవన్నీ అది ఆగాకే తెలుస్తాయి.

“బోరుబండి ఆగింది. ఊరు ఎప్పుడో మాటుమణిగింది. చింతచెట్టు మీద ఆకు కదలడం లేదు. గుంత చుట్టూ తెల్లదుమ్ము. నాయన ఉలుకూ పలుకూ లేకుండా నిలబడ్డాడు. అమ్మ కొంగుతో లాంతరు మసి తుడుస్తోంది.”

ఇందులో నిశ్శబ్దం అనే మాట ఒక్కసారి కూడా రాలేదు, గమనించండి. అమ్మకు అసలు పర్యాయపదమే వాడలేదు, పని అప్పజెప్పాను. నాలుగు వాక్యాల్లో నాలుగు పర్యాయపదాలు పేరిస్తే నిఘంటువు చదివినట్టుంటుంది. ‘చీమ చిటుక్కుమన్నా వినిపించేంత’ అన్నది కూడా వాడీవాడీ అరిగిపోయింది, కథ మొదట్లో వద్దు.

నిశ్శబ్దం మీకు తప్పనిసరి అనిపిస్తే “బోరుబండి ఆగింది” తర్వాత ఒకే ఒక్కసారి వాడండి. రాసేటప్పుడు శకారానికి ఒత్తు మరవొద్దు. నిస్, శబ్దం కలిసి నిశ్శబ్దం అయింది. ‘నిశబ్దం’ అని అచ్చులో తరచూ కనిపించేది తప్పు. స్తబ్ధతలోనూ కింద ఉండాల్సింది ధకారం, దకారం కాదు.