వైఫై ఒక్కటే, అయినా క్యాస్ట్ లిస్టులో టీవీ కనబడకపోతే

*"ఫోను, టీవీ రెండూ ఒకే వైఫైలో ఉన్నాయి. గూగుల్ ఫోటోస్‌లో వీడియో తెరిచి క్యాస్ట్ గుర్తు నొక్కితే లిస్టులో మా టీవీ పేరు రావట్లేదు. రెండూ రీస్టార్ట్ చేశాను, అయినా అంతే. ఏం చేయాలి?"*

వైఫై పేరు చూసి ఒకే నెట్‌వర్క్ అనుకోకండి, ఐపీ అడ్రస్ చూడండి. ఫోన్‌లో వైఫై సెట్టింగ్స్‌లోకి వెళ్ళి, కనెక్టయిన పేరు మీద నొక్కితే వివరాల్లో ఉంటుంది. టీవీలో నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంటుంది. చుక్కల మధ్య ఉండే అంకెల గుంపుల్లో మొదటి మూడూ రెండింటిలోనూ ఒకటేనా? కాకపోతే అవి వేర్వేరు నెట్‌వర్క్‌ల్లో ఉన్నట్టే.

మా ఇంట్లో ఇదే తేడా వచ్చింది. కింద హాల్లో ఇంటర్నెట్ వాళ్ళు పెట్టిన రౌటర్, పై గదికి సిగ్నల్ అందక ఇంకో రౌటర్. రెండింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్. హాల్లో టీవీకి 192.168.1.14, పై గదిలో నా ఫోన్‌కి 192.168.0.103. నెట్ రెండింట్లోనూ బాగా వచ్చేది కాబట్టి అనుమానమే రాదు. కానీ క్యాస్ట్ గుర్తు నొక్కగానే ఫోన్ "ఇక్కడ టీవీలు ఏమున్నాయి?" అని తన నెట్‌వర్క్‌లో ఉన్నవాటినే అడుగుతుంది. ఆ పిలుపు రౌటర్ దాటి అవతలి నెట్‌వర్క్‌లోకి పోదు. మీ ఇంట్లోనూ ఇలాగే ఉంటే, కిందికొచ్చి మొదటి రౌటర్‌కి కనెక్టయి చూడండి. టీవీ పేరు వచ్చేస్తే కారణం దొరికినట్టే.

రెండో రౌటర్ సెట్టింగ్స్ పేజీలో Operation Mode లాంటి చోట Access Point ఎంచుకుని సేవ్ చేస్తే సరిపోతుంది. అప్పుడది సొంతంగా అడ్రస్‌లు ఇవ్వడం మానేస్తుంది, ఇంట్లో అన్నిటికీ కింది రౌటరే ఇస్తుంది. ఆ తర్వాత ఫోన్ వైఫై ఒకసారి ఆపి ఆన్ చేయండి. నా ఫోన్‌కి 192.168.1తో మొదలయ్యే అడ్రస్ వచ్చింది, లిస్టులో టీవీ కూడా కనబడింది. కొన్ని పాత రౌటర్లలో ఆ మోడ్ ఉండదు. వాటిలో ముందు రౌటర్ సొంత అడ్రస్‌ని కింది నెట్‌వర్క్‌లో ఎవరూ వాడని దానికి మార్చి, అడ్రస్‌లు ఇచ్చే DHCP ఆపి, కేబుల్‌ని WAN నుంచి తీసి LAN పోర్టులో పెట్టాలి.

అంకెలు కలిసినా టీవీ రాకపోతే ఫోన్‌లో వీపీఎన్ ఉందేమో చూసి ఆపండి. ఐఫోన్ అయితే Privacy & Security కింద Local Network లో ఆ యాప్‌కి అనుమతి ఉండాలి. గెస్ట్ వైఫైలో ఉన్నా, రౌటర్‌లో AP Isolation ఆన్‌లో ఉన్నా పరికరాలు ఒకదానికొకటి కనబడవు.

ఈలోగా యూట్యూబ్ వీడియోలకైతే టీవీలోని యూట్యూబ్ సెట్టింగ్స్‌లో Link with TV code తెరిచి, ఆ కోడ్‌ని ఫోన్‌లో కొట్టండి. అది ఇంటర్నెట్ మీదుగా కలుస్తుంది కాబట్టి ఒకే నెట్‌వర్క్ అక్కర్లేదు. మీరు తీసుకున్న సొంత వీడియోలకు మాత్రం అది పనికిరాదు.