సాంద్రత 2.614 వచ్చింది, ఎన్ని అంకెలు ఉంచాలి?

> "అల్యూమినియం ముక్క: బీకరు 45.32 గ్రా, ముక్కతో 47.15 గ్రా. సిలిండర్‌లో నీరు 20.0 నుంచి 20.7 మి.లీ.కి పెరిగింది. సాంద్రత 2.614. రీడింగుల్లో నాలుగేసి, మూడేసి అంకెలున్నాయి కదా, తక్కువున్న మూడు ఉంచి 2.61 అని రాస్తే తప్పంటున్నారు. ఎందుకు?"

అంకెలు లెక్కపెట్టాల్సింది రీడింగుల్లో కాదు, తీసివేత అయ్యాక మిగిలినదానిలో. 20.7 − 20.0 = 0.7. మూడంకెలు ఒక్కటయ్యాయి. ఎక్కువమంది దాటేసే మెట్టు ఇదే.

1. కూడిక, తీసివేతల్లో అనిశ్చితులను యూనిట్లతోనే కలపాలి, శాతాల్లో కాదు. తక్కెడకు ±0.01 గ్రా, సిలిండర్‌కు ±0.1 మి.లీ. అనుకుంటే:

```
m = 1.83 ± √(0.01² + 0.01²) = 1.83 ± 0.014 g
V = 0.7 ± √(0.1² + 0.1²) = 0.7 ± 0.14 mL
```

తక్కెడ సున్నా కాస్త పక్కకున్నా ఫర్వాలేదు, తీసివేతలో అది పోతుంది.

2. ఆ తర్వాతే శాతాలు. ద్రవ్యరాశిలో 0.8%, ఘనపరిమాణంలో 20%. గుణకార, భాగహారాల్లో ఈ శాతాల వర్గాలను కలిపి వర్గమూలం తీయాలి. ఇక్కడ 0.8% లెక్కలోకే రాదు, మొత్తం 20 శాతమే.

3. 2.614లో 20% అంటే 0.5. అనిశ్చితి మొదటి దశాంశంలో ఉంది, కాబట్టి విలువనూ అక్కడే ఆపాలి: 2.6 ± 0.5 గ్రా/మి.లీ. అల్యూమినియం అసలు విలువ 2.70 ఈ పరిధిలోనే ఉంది. రౌండింగ్ మాత్రం చివర్లో ఒక్కసారే.

ఇంకా మంచి తక్కెడ తెచ్చినా ఏమీ మారదు. అలాంటి ముక్కలు పది ఒకేసారి వేయండి: నీరు సుమారు 7 మి.లీ. పెరుగుతుంది, 0.14 మాత్రం అంతే ఉంటుంది, అంటే 2%. అప్పుడు రెండో దశాంశం రాయొచ్చు.