సికిల్ సెల్ పేపర్‌ని ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా రాయడం

ప్రశ్న: మాది రాయగడ. బీఫార్మసీ చివరి ఏడాది. మెడికల్ రైటర్ ఉద్యోగానికి టెస్ట్‌గా, సికిల్ సెల్ జబ్బుకు వాడే హైడ్రాక్సీయూరియా మీద 1995లో వచ్చిన స్టడీ పేపర్ ఇచ్చి, రోగులకు, ఇంట్లోవాళ్లకు అర్థమయ్యేలా తెలుగులో రాయమన్నారు. ‘హైడ్రాక్సీయూరియా సమూహంలో వార్షిక సంక్షోభాల మధ్యమ రేటు 4.5 నుంచి 2.5కు తగ్గింది’ అని రాశాను. తిప్పి పంపారు. ఎక్కడ తప్పాను?

జవాబు: ఆ ఒక్క వాక్యంలోనే రెండు చిక్కులున్నాయి. ఒకటి మాటది, రెండోది లెక్కది.

‘క్రైసిస్’కి నిఘంటువు చూసి సంక్షోభం అన్నట్టున్నారు. మీ ఊళ్లో ఈ జబ్బున్నవాళ్ల ఇంట్లో అడగండి, ‘నొప్పులొచ్చాయి’ అంటారు. (నేనూ కొత్తలో ప్లాసిబోని, అంటే మందులేని ఉత్త మాత్రని, ‘కూటౌషధం’ అని రాస్తే, మా పెద్దమ్మ అది కూటిలో కలిపే మందనుకుంది.) అలాగని ఉత్త ‘నొప్పులు’ అన్నా చాలదు. పేపర్‌లో పద్ధతుల భాగం చదవండి. నొప్పి భరించలేక ఆసుపత్రికి వెళ్లి, ఇంజెక్షన్లు చేయించుకుంటూ 4 గంటలకు పైగా ఉండాల్సి వస్తేనే వాళ్లు ప్రధానంగా లెక్కలోకి తీసుకున్నారు. ఇంట్లో పడుకుని ఓర్చుకున్న నొప్పి అందులో లేదు. ఈ మాట చెప్పకపోతే, నెలకు రెండుసార్లు మూలిగే మనిషి ‘మందు వేసుకుంటే ఏడాదికి రెండేనట’ అని ఆశపడతాడు.

ఇక లెక్క. 4.5 నుంచి 2.5కు ‘తగ్గలేదు’. అవి రెండు వేరువేరు గుంపుల అంకెలు. 299 మంది పెద్దవాళ్లలో 152 మందికి మందు, 147 మందికి చూడ్డానికి అలాగే ఉండే, మందులేని క్యాప్సూల్ ఇచ్చారు. 4.5 ఈ రెండో గుంపుది. మధ్యమం అంటే గుంపులో సగం మంది దానికి ఇటు, సగం మంది అటు. కాబట్టి ఇలా రాయొచ్చు: ‘మందు వాడినవాళ్లలో సగం మందికి, ఆసుపత్రికి పోవాల్సినంత నొప్పి ఏడాదికి రెండు మూడుసార్లకు మించి రాలేదు. మందులేని క్యాప్సూల్ వాడినవాళ్లలో సగం మందికి అది నాలుగైదుసార్లు, అంతకంటే ఎక్కువే వచ్చింది.’

ఈ జబ్బులో వచ్చే ఛాతీ సమస్యని, అదే పేపర్‌లోని ‘అక్యూట్ చెస్ట్ సిండ్రోమ్’ని, చెప్పడం ఇంకా తేలిక. మందు గుంపులో 25 మందికి, రెండో గుంపులో 51 మందికి వచ్చింది. గుంపులు సమానం కావు కనుక రెంటినీ వందకు మార్చండి: 100 మందిలో 16 మందికి, 35 మందికి. శాతం తగ్గుదల ఒక్కటే రాస్తే, ఎంతమందిలో ఎంతమందికో తెలియదు.

ఇది ఏడాదికి కనీసం 3 సార్లు అలాంటి నొప్పి వచ్చిన పెద్దవాళ్ల మీద చేసిన స్టడీ అని పైనే రాయండి. లేకపోతే చదివిన తల్లి ఆ ఫలితం పిల్లాడికీ వర్తిస్తుందనుకుంటుంది. పిల్లల మీద తర్వాత వేరే స్టడీలు వచ్చాయి, వాటిని ఇందులో కలపొద్దు. మందు వల్ల రక్తకణాలు పడిపోవచ్చని, అందుకే స్టడీలో రెండు వారాలకోసారి రక్తపరీక్ష చేశారని కూడా ఉండాలి.

మీ వైపు తెలుగు మాట్లాడుతూ ఒడియాలో చదువుకున్నవాళ్లు చాలామంది. మీ కాగితం వాళ్లకు ఎవరో చదివి వినిపిస్తారు. పంపేముందు మీరే ఒకరికి వినిపించండి. ‘అర్థమైందా’ అని అడిగితే అందరూ తలూపుతారు. ‘మందు వాడినవాళ్లకు నొప్పి పూర్తిగా పోయిందా?’ అని అడగండి. పోయిందంటే, ఆ వాక్యం మళ్లీ రాయాలి.