నీళ్ల మాత్ర, పిక్కలు పట్టేయడం, గుండె దడ: మా అమ్మ విషయంలో జరిగింది

ప్రశ్న: "విజయవాడలో ఉంటాం. నాన్నగారికి 63 ఏళ్లు. బీపీకి రెండు నెలల కిందట నీళ్ల మాత్ర మొదలుపెట్టారు. రాత్రిళ్లు పిక్కలు పట్టేస్తున్నాయి, అప్పుడప్పుడు గుండె దడగా ఉందంటున్నారు. కొబ్బరినీళ్లు, అరటిపండ్లు ఇస్తే సరిపోతుందా, రక్త పరీక్ష చేయించాలా?"

పరీక్ష చేయించండి. అదీ రేపే. పిక్కలు పట్టేయడం ఒక్కటే అయితే దానికి వేరే కారణాలు చాలా ఉంటాయి. నీళ్ల మాత్ర వల్ల మూత్రంలో పొటాషియం పోతుంది కాబట్టి, అది వేసుకునే మనిషికి పిక్కలు పట్టేయడంతోపాటు దడ కూడా వస్తే పొటాషియం చూడకుండా వదిలేయకూడదు.

మేముండేది గుంటూరు. మా అమ్మకు బీపీకి ఆమ్లోడిపిన్, హైడ్రోక్లోరోథయజైడ్ 12.5 ఉండేవి. రెండోది నీళ్ల మాత్రే. ఎండాకాలంలో పాదాలు వాచాయి. తెలిసినాయన చెప్పాడని ఫ్రూసెమైడ్ 40 తెచ్చి రోజూ వేసుకుంది. ఆ వాపు ఆమ్లోడిపిన్ వల్ల వచ్చిందని, దానికి నీళ్ల మాత్ర పెద్దగా పనిచేయదని మాకు తర్వాత తెలిసింది. అలా తెలియకుండానే రెండు నీళ్ల మాత్రలయ్యాయి.

పది రోజులకు రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మొదలైంది. కాల్షియం తగ్గిందనుకుని కాల్షియం మాత్రలు ఇచ్చాం. ఆ తర్వాత రెండు రోజులు విరేచనాలయ్యాయి. మూడో రోజు వంటింట్లో పీట మీద కూర్చుని కూరగాయలు తరిగి, లేవబోతే తొడల్లో బలం లేక గోడ పట్టుకుంది. "గుండె ఒకసారి ఆగి మళ్లీ కొట్టినట్టుందే" అంది. మణికట్టు దగ్గర వేలు పెట్టి చూస్తే నాలుగైదు సార్లు కొట్టుకోవడం, ఒకటి తప్పిపోవడం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. పొటాషియం 2.8. ఉండాల్సింది 3.5 నుంచి 5. ఈసీజీలోనూ తేడా కనిపించింది. ఆ రాత్రి మానిటర్ మీద పెట్టి, సెలైన్‌లో పొటాషియం కలిపి నెమ్మదిగా ఎక్కించారు. మెగ్నీషియం కూడా చూశారు, అదీ తక్కువే. మెగ్నీషియం తగ్గి ఉంటే ఎంత పొటాషియం ఇచ్చినా మూత్రంలో పోతూనే ఉంటుందట. ఫ్రూసెమైడ్ ఆపేసి, పొటాషియం క్లోరైడ్ సిరప్ 15 మిల్లీలీటర్లు గ్లాసు నీళ్లలో కలిపి, తిన్న తర్వాత రోజుకు రెండుసార్లు ఇమ్మన్నారు. రెండు రోజులకు 3.3, వారానికి 4.1 వచ్చింది. ఆమ్లోడిపిన్ కూడా మార్చారు, వాపు దానంతటదే తగ్గింది.

డాక్టరుగారు ఇంకో మాట అడిగారు: "ఊరగాయ బాగా తింటారా?" కొత్త ఆవకాయ రోజులవి, రెండు పూటలా తినేది. నీళ్ల మాత్ర కిడ్నీలో ఉప్పును కిందికి పంపుతుంది. ఆ ఉప్పులో కొంత వెనక్కి తీసుకోవడానికి కిడ్నీ బదులుగా పొటాషియాన్ని వదులుతుంది. అందుకే ఉప్పు ఎంత ఎక్కువ తింటే పొటాషియం అంత ఎక్కువ పోతుంది. మీ నాన్నగారికి అరటిపండు పెట్టడం కంటే ముందు ఊరగాయ తగ్గించండి.

ఇక అరటిపండు, కొబ్బరినీళ్ల సంగతి. పొటాషియం కొంచెం తక్కువగా ఉంటే ఉపయోగమే. బాగా పడిపోతే వాటితో పూడదు. నీళ్ల మాత్రతో పొటాషియంతోపాటు క్లోరైడ్ కూడా పోతుంది, అరటిపండులో క్లోరైడ్ పెద్దగా ఉండదు. అంతకంటే నాకు భయం వేసేది ఇది: నాన్నగారి బీపీ మాత్రలో టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి ఉన్నా, నీళ్ల మాత్ర స్పైరొనోలాక్టోన్ అయినా, కిడ్నీ బలహీనంగా ఉన్నా పొటాషియం పెరగొచ్చు కూడా. పెరిగినా నీరసం, దడ వస్తాయి. లక్షణాలను బట్టి ఏదో చెప్పలేం. పరీక్ష లేకుండా సిరప్ గానీ, రోజూ రెండు కొబ్బరి బోండాలు గానీ ఇవ్వకండి. మాత్ర స్ట్రిప్ వెనక రాసిన మందుల పేర్లు ఫోటో తీసి డాక్టరుకు పంపండి.

ల్యాబ్‌లో సీరం ఎలక్ట్రొలైట్స్, క్రియాటినిన్, మెగ్నీషియం అని అడగండి. పరగడుపున వెళ్లాల్సిన పని లేదు. రక్తం తీసేటప్పుడు పిడికిలి పదేపదే మూసి తెరవొద్దని చెప్పండి, దానివల్ల పొటాషియం ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. ఈసీజీ కూడా అదే రోజు తీయించండి. కళ్లు తిరిగి పడిపోయినా, దడ ఆగకపోయినా, ఛాతీలో నొప్పి, ఆయాసం వచ్చినా, కాళ్లు లేవకపోయినా ల్యాబ్ కోసం తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

అసలైతే నీళ్ల మాత్ర మొదలుపెట్టే ముందు ఒకసారి, మొదలుపెట్టినా డోసు మార్చినా రెండు నుంచి నాలుగు వారాల్లో ఒకసారి, ఆ తర్వాత ఆరు నెలలకో ఏడాదికో పొటాషియం చూడాలి. వాంతులు, విరేచనాలు పట్టుకున్నప్పుడు, ఆస్తమాకు నెబ్యులైజర్ గానీ స్టెరాయిడ్ గానీ మొదలైనప్పుడు ఆ లెక్క పనిచేయదు, వెంటనే చూడాలి. గుండెకు డిగాక్సిన్ వాడేవాళ్లలో పొటాషియం కొద్దిగా తగ్గినా ప్రమాదమే. మీ నాన్నగారికి ఈ రెండు నెలల్లో ఒక్కసారైనా చూశారా? చూసి ఉంటే ఆ పాత రిపోర్టు కూడా తీసుకెళ్లండి, ఎంత తగ్గిందో డాక్టరుకు అర్థమవుతుంది.