స్టీలు కొటేషన్: 62 చవకా, 71 చవకా?

"బోడుప్పల్‌లో ఇల్లు కడుతున్నాం. 12 ఎంఎం స్టీలు, 3 టన్నులు కావాలి. ఒక షాపు కిలో 62 అంటోంది, జీఎస్టీ, లారీ 4,500 వేరే. ఇంకో షాపు అన్నీ కలిపి 71. ఏది తీసుకోవాలి?"

అన్నా, 62కి 18 శాతం జీఎస్టీ కలిపితే 73.16. లారీ ఖర్చు కిలోకి రూపాయిన్నర. మొత్తం 74.66. అంటే 71 షాపే చవక. కానీ అప్పుడే అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ఆ 71 కాటా తూకం మీదా, కడ్డీల లెక్క మీదా? 12 మీటర్ల కడ్డీ లెక్క ప్రకారం 10.66 కిలోలు. నాకు వచ్చిన లోడులో ఒక్కోటి 10.2 తూగింది. స్టీలు కడ్డీలకు మన దేశ ప్రమాణమైన ఐఎస్ 1786 ప్రకారం 12 ఎంఎం లోడు మీద 5 శాతం వరకు తేడా ఉండొచ్చు కాబట్టి గొడవ పెట్టుకోవడానికీ లేదు. కడ్డీల లెక్కన డబ్బు కడితే, చేతికొచ్చిన కిలో 74.20 పడుతుంది. మూడున్నర రూపాయల పైన ఉన్న లాభం దాదాపు అర్ధ రూపాయికి దిగిపోయింది!

అందుకే ఖాళీ లారీ, లోడు లారీ రెండు కాటా చీటీలూ అడగండి, కాటా మీరు చెప్పిన చోటే వేయించండి. సైట్లో మీటరు ముక్క కోసి కిరాణా త్రాసులో పెట్టినా తెలుస్తుంది, 888 గ్రాములకు దగ్గర ఉండాలి.

రెండు కొటేషన్లలోనూ ఒకే గ్రేడు ఉందా చూడండి. ఒకరు ఎఫ్ఈ 500, ఇంకొకరు 500డి రాస్తే పోల్చలేం. డి రకం ఎక్కువ సాగుతుంది, నేనైతే అదే తీసుకుంటా.

దింపుడు కూలీ ఎవరిదో కూడా రాయించుకోండి. ఇటుకల దగ్గరా గొడవ దానితోనే వస్తుంది.