సీసాల డిపాజిట్: ఒకే లక్షని రెండుసార్లు ఖర్చు పెట్టేశారు

ప్రశ్న: సార్, మాది గోపాలపట్నం దగ్గర చిన్న సోడా యూనిట్. 24 గాజు సీసాల క్రేట్‌కి షాపుల దగ్గర 400 డిపాజిట్ తీసుకుంటాం, ఎంప్టీలు వెనక్కొస్తే ఇచ్చేస్తాం. 1500 క్రేట్ల మీద 6 లక్షలు వచ్చాయి, ట్రాలీ ఆటోకి, మిషన్ రిపేర్‌కి వాడేశాను. రెండేళ్ళుగా తిరిగిరాని 300 క్రేట్ల డిపాజిట్ 1,20,000 పోయిన మార్చిలో ఆదాయం కింద చూపించి, ఆ ధైర్యంతో అమ్మాయి ఫీజు కట్టేశాను. ఇప్పుడు వానలు మొదలవగానే ముగ్గురు డీలర్లు మానేస్తున్నారు, 250 క్రేట్లకి లక్ష ఇమ్మంటున్నారు. వాళ్ళు నాకు సరుకు బాకీ 38,000. బ్యాంకులో 22,000 ఉంది. డైలీ ఫైనాన్స్‌లో లక్షకి చేతికి 85,000 ఇస్తారంట, రోజుకి వెయ్యి చొప్పున వంద రోజులు కట్టాలి. తీసుకోమంటారా?

జవాబు: వద్దండి. ఆ ఫైనాన్స్ సంగతి ముందు తేల్చేద్దాం, ఎందుకంటే చేతికి 85,000 వచ్చి లక్ష కడుతున్నారు, పైగా మొదటి రోజు నుంచే అసలు తిరిగి కట్టేస్తుంటారు కాబట్టి సగటున మీ దగ్గర ఉండేది అందులో సగమే, అంటే 42,000 చిల్లర మీద మూడు నెలల పది రోజులకి 15,000 వడ్డీ. మన లెక్కలో చెప్పాలంటే నూటికి పది రూపాయల వడ్డీ పైమాటే. రోజుకి వెయ్యి అంటే చిన్నగా కనిపిస్తుంది, వానాకాలంలో సోడా అమ్మి రోజుకి వెయ్యి పక్కన పెట్టగలిగితే ఈ ఉత్తరం రాసేవారే కాదు మీరు. ఇదే తప్పు నీళ్ళ క్యాన్ల వాళ్ళూ, గ్యాస్ సిలిండర్లు అద్దెకిచ్చే వాళ్ళూ, పెళ్ళిళ్ళకి గిన్నెలు తిప్పే వాళ్ళూ చేసి నా దగ్గరికి వస్తుంటారు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నా.

అసలు మీకు లక్ష కావాలా అన్నది చూడండి ముందు. డీలర్ చెప్పిన నంబర్ డీలర్ చెప్పిన నంబరే, లెక్క పెట్టాక వచ్చేదే బాకీ. షాపు వెనక వరండాలో కుప్పగా పోసిన క్రేట్లు మీరే వెళ్ళి ఒక్కోటీ దించి చూడండి, మూతి పగిలిన సీసాలు అడుగు వరసలో ఉంటాయి, మధ్యలో వేరే కంపెనీ సీసాలు దూరి ఉంటాయి, 24 గళ్ళలో 21 నిండితే మిగతా మూడూ ఎవరూ మాట్లాడరు. ఉదాహరణకి 250లో 20 క్రేట్లు అసలు లేవనుకోండి, 8,000 పోయింది. మిగతా వాటిలో విడి సీసాలు 300 తగ్గాయనుకోండి, సీసాకి 10 చొప్పున 3,000. వాళ్ళు మీకివ్వాల్సిన సరుకు బాకీ 38,000. లక్షలోంచి ఇవన్నీ తీసేస్తే 51,000 మిగుల్తుంది. బాకీ ఇందులో కట్ చేసుకుంటున్నట్టు ఒక కాగితం మీద రాసి వాళ్ళ సంతకం తీసుకోండి, నోటి మాటలు వద్దు, రేపు అదే మనిషి కొడుకు వచ్చి మా నాన్న డిపాజిట్ ఏదీ అని అడుగుతాడు.

51,000లో 22,000 బ్యాంకులో ఉంది కానీ దాన్ని మొత్తం ఊడ్చెయ్యకండి. ఇంట్లో బంగారం మీద 40,000 బ్యాంకులోనే తీసుకుని, ఆగగలిగే డీలర్‌కి సగం ఇప్పుడు సగం వచ్చే నెల అని చెప్పండి. ఓవర్‌డ్రాఫ్ట్, చీటీ పాట లాంటివి ఈ నెల పనికి రావు, వదిలెయ్యండి.

ఇప్పుడు అసలు జబ్బు దగ్గరికొద్దాం. ఆ 1,20,000 ఆదాయం అని మార్చిలో రాసినప్పుడు మీ చేతికి ఒక్క రూపాయి కూడా రాలేదు. ఆ డబ్బు రెండు మూడేళ్ళ కింద క్రేట్లు ఇచ్చిన రోజే వచ్చింది, అప్పుడే ఆటోలోకి వెళ్ళిపోయింది. మార్చిలో జరిగింది పుస్తకంలో ఒక పద్దు మారడం, ‘డీలర్ల డిపాజిట్లు’ అనే అప్పుల ఖాతాలోంచి తీసి ఆదాయం ఖాతాలో వేశారు, అంతే. దాన్ని చూసి లాభం వచ్చిందనుకుని వ్యాపారంలో తిరుగుతున్న నగదులోంచి ఫీజు కట్టేశారు. ఒకే లక్షా ఇరవై వేలు, ఒకసారి ఆటోకి, ఇంకోసారి కాలేజీకి. ఇప్పుడు మూడోసారి దానిమీద పన్ను కూడా జేబులోంచే కట్టాలి. అమ్మాయి ఫీజు కట్టడం తప్పని నేననను, దేంట్లోంచి కట్టామన్నది తెలియాలి కదా.

పైగా అది లాభం కూడా కాదు. ఆ 300 క్రేట్లు నిజంగా పోయాయనే అనుకుందాం, వచ్చే ఎండాకాలానికి మళ్ళీ కొనాలి. కొత్త సీసా 14 రూపాయలు, క్రేట్ 220 పడుతుందనుకుంటే ఒక సెట్‌కి 556. మీరు కట్ చేసుకున్నది 400. సెట్‌కి 156 చొప్పున 300 సెట్లకి 46,800 మీకే ఎదురు పడుతోంది. కట్ చేసుకున్న డిపాజిట్ కన్నా కొత్తది కొనే ఖర్చు ఎక్కువగా ఉందంటే డీలర్‌కి సీసా తిరిగివ్వాలనే ఆత్రం ఎందుకుంటుంది, పాత సామాన్ల వాడికిచ్చినా డీలర్‌కి నష్టం లేదు. కొత్త డీలర్లకి డిపాజిట్ 550 చెయ్యండి, పాతవాళ్ళకి కొత్త క్రేట్లు ఇచ్చినప్పుడల్లా మార్చుకుంటూ రండి.

ఇంకో మాట, రెండేళ్ళు రాలేదు కాబట్టి మనదే అనేసుకోవడం కుదరదు. అడిగినప్పుడు ఇస్తానని తీసుకున్న డిపాజిట్‌కి లిమిటేషన్ చట్టంలో దావాకి ఉన్న మూడేళ్ళ గడువు మొదలయ్యేది అవతలివాడు అడిగిన రోజు నుంచి, మీరు తీసుకున్న రోజు నుంచి కాదు. ఆ 300 క్రేట్లలో సగం ఏ మధురవాడ షాపు మేడ మీదో వాన నీళ్ళు పట్టుకుని ఉండొచ్చు. ఒక్కో డీలర్‌కీ మీ దగ్గర మా క్రేట్లు ఇన్ని, మీ డిపాజిట్ ఇంత అని ఉత్తరం పంపండి, ఫలానా తేదీలోగా తిప్పకపోతే కట్ చేసుకుంటామని అందులోనే రాయండి. పోయాయని ఒప్పుకున్నవాళ్ళవి ఆదాయంలో ఉంచండి, ఉన్నాయన్నవాళ్ళవి మీ ఆడిటర్‌కి చెప్పి మళ్ళీ అప్పుల ఖాతాలోకి తెప్పించండి. జీఎస్టీలో కూడా డిపాజిట్ డిపాజిట్‌గా ఉన్నంతకాలం అమ్మకం సొమ్ము కాదు, దాన్ని మీరు సీసాల ఖరీదుకి సర్దుకున్న రోజు ఆ ప్రశ్న వస్తుంది, అదీ ఆయన్నే అడగండి.

కాగితం గురించి ఎందుకింత చెప్తున్నానంటే, పంజాబ్ డిస్టిల్లింగ్ అనే కంపెనీ కేసు ఒకటుంది, 1959లో సుప్రీంకోర్టు తీర్పు. సారా అమ్మేటప్పుడు సీసాల ధరకి పైన ఇంకొంత ‘సెక్యూరిటీ డిపాజిట్’ అని తీసుకునేవారు, తీసుకెళ్ళిన సీసాల్లో నూటికి తొంభై తిరిగొస్తే ఆ మొత్తం వెనక్కి. కానీ సీసాలు అమ్మేసినవే, తిప్పి ఇచ్చి తీరాలని కొన్నవాడి మీద బాధ్యత ఏమీ లేదు. కోర్టు ఏమందంటే మీరు డిపాజిట్ అని పేరు పెట్టినా అది ధరలో భాగమే, వచ్చిన రోజే వ్యాపార ఆదాయం అని. మీ బిల్లు మీద సీసా, క్రేట్ మా సొత్తు, వాడుకోడానికి ఇచ్చాం, తిప్పి ఇవ్వాలి అనే లైను ఉందా? లేకపోతే వచ్చే బిల్లు పుస్తకం అచ్చేయించినప్పుడు వేయించండి. తర్వాత 1996లో టీవీ సుందరం అయ్యంగార్ కేసులో ఇంకో వైపు చెప్పింది, తీసుకున్నప్పుడు డిపాజిట్టే అయినా ఎవరూ అడగని సొమ్ముని మీరే లాభనష్టాల ఖాతాలోకి లాక్కుంటే అది ఆదాయమే అని. అంటే మార్చిలో ఆ పద్దు రాసినది మీరే, తర్వాత కాదనడం కష్టం.

ఇక నేను ఎవరొచ్చినా విసుగు లేకుండా చెప్పే ఎమర్జెన్సీ ఫండ్ గొడవ. ఇంటికి ఆరు నెలల ఖర్చు అని అందరికీ తెలుసు, మీకు అది కాకుండా ఇంకోటి కావాలి, డిపాజిట్లు తిప్పి ఇవ్వడానికే ఒక ఖాతా. ఎందుకంటే మీ వ్యాపారంలో డిపాజిట్లు ఒకేలా రావు, ఒకేలా పోవు. మార్చి నుంచి మే దాకా ప్రతి షాపూ క్రేట్లు ఎక్కువ అడుగుతుంది, డబ్బు లోపలికి వస్తూనే ఉంటుంది, బ్యాంకు నిండుగా కనపడుతుంది, ఆటో కొనబుద్ధి పుట్టేది అప్పుడే. జూన్‌లో నాలుగు వానలు పడగానే ఎంప్టీలన్నీ ఒక్కసారి వెనక్కి తిరుగుతాయి. గోడౌన్ నిండా సీసాలుంటాయి, ఖాతాలో డబ్బుండదు, సీసా తీసుకెళ్ళి కరెంటు బిల్లు కట్టలేరు కదా. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబర్‌లో నా క్లయింట్ ఒకాయనకి ఇదే జరిగింది, రోజుల తరబడి కరెంటు లేదు, ఫ్రిజ్‌లు ఆగిపోయాయి, షాపులు తెరవలేదు, చేతిలో డబ్బాడక డీలర్లందరూ ఒకే వారంలో డిపాజిట్ వెనక్కి ఇచ్చెయ్యమన్నారు. ఆయన దగ్గర విడిగా 2 లక్షలు ఉన్నాయి కాబట్టి అందరికీ సర్దాడు, నెల తిరిగేసరికి అదే డీలర్లు అదే డిపాజిట్ కట్టి క్రేట్లు తీసుకెళ్ళారు.

మీకు ఎంత ఉండాలంటే పోయిన మూడేళ్ళ రిజిస్టర్ తీసి, కొత్తగా వెళ్ళిన క్రేట్లు పోను వెనక్కొచ్చిన క్రేట్లు ఏ రెండు నెలల్లో ఎక్కువున్నాయో చూడండి. జూన్, జూలై కలిపి 350 అనుకుంటే 1,40,000 కావాలి. రిజిస్టర్ లేదంటారేమో, అయితే బయట ఉన్న డిపాజిట్లలో మూడో వంతు. ఈ ముగ్గురూ పోగా మీకు 1250 క్రేట్లు, 5 లక్షలు ఉంటాయి, ఆ 300 క్రేట్లని కూడా నేను ఇందులోనే లెక్కేస్తున్నా, ఉత్తరాలకి జవాబు వచ్చేదాకా అవి బాకీయే. అందులో మూడో వంతు సుమారు 1,67,000. ఇవాళ్టి నుంచి వచ్చే ప్రతి కొత్త డిపాజిట్ మొత్తం ఆ ఖాతాలోకే, తిప్పి ఇచ్చేదీ అందులోంచే, ఆ ఖాతాకి ఏటీఎం కార్డు తీసుకోకండి. దానికి తోడు అమ్మిన ప్రతి క్రేట్ మీద 5 రూపాయలు వెయ్యండి, నెలకి రెండు వేల క్రేట్లు తిరిగితే 10,000, దాంతోనే ఏడాదిన్నరలో నిండుతుంది. లిక్విడ్ ఫండ్‌లో పెట్టినా పరవాలేదు, షేర్లలో మాత్రం కాదు.

మా నాన్నకి కంచరపాలెంలో కిరాణా షాపు ఉండేది. కూల్‌డ్రింక్ డిపాజిట్ రసీదు ఒకటి గల్లాపెట్టెలో అడుగున ఉండేది, కార్బన్ కాగితం మీద రాసింది, అక్షరాలు సగం చెరిగిపోయి. ఏజెన్సీ మూతపడ్డాక ఆయన దాన్ని పట్టుకుని ఎన్నిసార్లు తిరిగాడో నాకు తెలుసు, ఆ ఏజెన్సీ ఆయన కూడా చెడ్డవాడేం కాదు, మీలాగే వాడేశాడు. రేపు ఆ ముగ్గురి లెక్కా తేలాక మిగతా డీలర్ల జాబితా, ఎవరి దగ్గర ఎన్ని క్రేట్లో, రాసి పంపండి, ఆ 300లో ఎన్ని నిజంగా పోయాయో అప్పుడు చూద్దాం.