ప్రాజెక్టు ముగింపు నివేదికలో ‘నేర్చుకున్న పాఠాలు’: నిజం రాయాలి, ఎవరూ నొచ్చుకోకూడదు

ప్రశ్న: మా సంస్థ ప్రాజెక్టు ముగిసింది. ఆలస్యానికి ప్రభుత్వ శాఖా, నిధులిచ్చినవారూ కూడా కారణమే. నివేదికలో ఈ సంగతి ఎలా రాయాలి?

జవాబు: నల్లగొండ జిల్లాలో ఫ్లోరైడ్ ఉన్న 8 గ్రామాల్లో నీటి శుద్ధి ప్లాంట్లు పెట్టిన ప్రాజెక్టుకు నేను ఇలాంటి నివేదిక రాశాను. వాటిలో 3 ప్లాంట్లు కరెంటు కనెక్షన్ రాక 5 నెలలు ఆలస్యమయ్యాయి. మొదటి ప్రతిలో ‘విద్యుత్ శాఖ నిర్లక్ష్యం వల్ల’ అని రాస్తే మా డైరెక్టరు కొట్టేశారు. రెండో ప్రతిలో ‘శాఖల మధ్య సమన్వయ లోపం వల్ల కొంత జాప్యం జరిగింది’ అని రాశాను. దానిపై ఎవరికీ అభ్యంతరం లేదు, ఎందుకంటే అందులో విషయమే లేదు.

అప్పుడు ఫైలు తీసి తేదీలు వరుసగా రాసుకుంటే అసలు సంగతి బయటపడింది. షెడ్లు కట్టడం పూర్తయ్యేదాకా మేము కనెక్షన్‌కు దరఖాస్తే పెట్టలేదు. ఆ మూడు ఊళ్లలో కొత్త స్తంభాలు వేయాలన్న సంగతి అధికారులు వచ్చి చూశాకే తెలిసింది, దానికి బడ్జెట్‌లో పైసా లేదు. చివరికి నివేదికలోకి వెళ్లిన వాక్యాలు ఇవి: ‘షెడ్ల నిర్మాణం తరువాత దరఖాస్తు చేయడం వల్ల, స్తంభాల అవసరం ఆలస్యంగా తెలిసి, 3 ప్లాంట్లు 5 నెలలు నిలిచిపోయాయి. ఇకపై స్థలం ఖరారైన వారంలోనే దరఖాస్తు చేసి, లైను ఖర్చును అంచనాలో చేర్చాలి.’ ఇందులో ఎవరి మీదా నింద లేదు, దాచినదీ లేదు. మన తప్పు ముందుగా ఒప్పుకుంటే తరువాత ఇతరుల గురించి రాసేది ఫిర్యాదులా వినిపించదని నాకు అక్కడే అర్థమైంది.

నిధులిచ్చిన సంస్థ విషయం ఇంకా సున్నితమైనది. రెండో విడత 7 వారాలు ఆలస్యంగా వచ్చింది, ఈలోగా మేస్త్రీ వేరే పనికి వెళ్లిపోయాడు. ఒప్పందంలోని తేదీ, సొమ్ము బ్యాంకులో పడిన తేదీ, ఆగిన పని, ఈ మూడే రాసి, విశేషణాలేవీ చేర్చకుండా, నివేదిక పంపడానికి ముందే ఆ పేరా వారి ప్రోగ్రాం అధికారికి చూపించాను. మేము పంపిన వినియోగ ధ్రువపత్రంలో లెక్క తప్పి రెండుసార్లు తిరిగి వచ్చిందని ఆయన గుర్తు చేశారు. నిజమే, నేను మరిచిపోయాను. రెండూ చేర్చాక ఆయనే ఆ పేరాను సమర్థించారు. ముందుగా చూపించడం అంటే అనుమతి అడగడం కాదు. తేదీ తప్పయితే దిద్దాలి, ఇబ్బందిగా ఉందని అంటే మాత్రం పదాలు మార్చవచ్చు గాని వాస్తవాన్ని తీసేయకూడదు.

అన్నీ ‘నేర్చుకున్న పాఠాలు’ భాగంలో ఇమడవు. ఒక ఊళ్లో నీటి అమ్మకం డబ్బులో తేడా వస్తే, దాన్ని విడిగా లేఖ ద్వారా తెలియజేశాము. పాఠాల్లో మాత్రం రశీదు పుస్తకం లేకుండా ప్లాంటును అప్పగించడం మా పొరపాటని రాశాము.